డన్స్ నంబర్ చూపించారని సరుకు పంపొచ్చా? ఏ నంబర్ దేనికి రుజువో, దేనికి కాదో

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి వైపు జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లకు డన్స్ నంబర్ మాట రెండు దారుల్లో చెవిన పడుతుంది. ఒకటి విదేశీ బయ్యర్ నుంచి. "మా డన్స్ నంబర్ ఇదిగో, మా గురించి మీరే చూసుకోండి, సరుకు 60 రోజుల అరువు మీద పంపండి" అంటాడు. రెండోది ఏజెంట్ నుంచి. "మీ ఫ్యాక్టరీకి డన్స్ తీయించుకోండి సార్, బ్యాంకు లోను తేలికవుతుంది, అమెరికా ఆర్డర్లు వస్తాయి, ఫీజు ఇంత" అంటాడు. ఇద్దరూ చూపించేది ఆ తొమ్మిది అంకెలనే. నేను ఇక్కడ జీఎస్టీ, ఎగుమతి కాగితాల పని చూస్తాను కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. ఎదుటివాడు నంబర్ చూపిస్తే ఎంతవరకు నమ్మాలి, మనం నంబర్ తీసుకోవాలా వద్దా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. రెండింటికీ జవాబు చెప్పాలంటే ముందు ఆ నంబర్ ఎవరిస్తారో, ఎందుకిస్తారో చూడాలి.

ఆ తొమ్మిది అంకెలు ఏమిటి

డన్స్ నంబర్‌ను ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే అమెరికా ప్రైవేటు కంపెనీ ఇస్తుంది. వ్యాపార సంస్థల అప్పుల, చెల్లింపుల సమాచారం సేకరించి అమ్మడం ఆ కంపెనీ పని. లక్షల ఫైళ్లలో ఒకే పేరున్న సంస్థలు కలిసిపోకుండా ఉండటానికి 1963లో ప్రతి ఫైలుకూ ఒక నంబర్ పెట్టడం మొదలుపెట్టింది. అంటే అది మొదట వాళ్ల సొంత ఫైలు నంబర్. తర్వాత పెద్ద కంపెనీలు, ప్రభుత్వ శాఖలు తమ సప్లయర్లను గుర్తుపట్టడానికి దాన్నే వాడుకోవడంతో ప్రపంచమంతా పాకింది.

దీనికి రెండు స్వభావాలున్నాయి. ఇవి తెలియకపోతేనే మోసపోతాం.

మొదటిది, ఈ నంబర్ కంపెనీకి ఒకటి చొప్పున ఉండదు, చోటుకి ఒకటి చొప్పున ఉంటుంది. ఒకే కంపెనీకి హెడ్డాఫీసు ఒక ఊళ్లో, గోడౌను ఇంకో ఊళ్లో ఉంటే రెండింటికీ వేర్వేరు డన్స్ నంబర్లు ఉండొచ్చు. గోడౌను నంబర్ "బ్రాంచ్" అని నమోదవుతుంది. బ్రాంచ్ అంటే చట్టం దృష్టిలో వేరే వ్యక్తి కాదు, దాని అప్పు హెడ్డాఫీసు అప్పే. కానీ అదే గుంపులో సబ్సిడరీ కంపెనీ ఉంటే అది చట్టపరంగా వేరే సంస్థ. దాని అప్పుకు, గ్యారంటీ రాసివ్వకపోతే, మాతృ సంస్థ మామూలుగా బాధ్యత తీసుకోదు. బయటి నుంచి చూస్తే బ్రాంచ్ నంబరూ సబ్సిడరీ నంబరూ ఒకేలా తొమ్మిది అంకెలే.

రెండోది, ఒకసారి ఇచ్చిన నంబర్‌ను మళ్లీ ఇంకొకరికి ఇవ్వరు. సంస్థ చిరునామా మారినా, పేరు మారినా, చివరికి మూతపడినా ఆ నంబర్ దానిదే. కాబట్టి నంబర్ ఉంది అంటే సంస్థ ఇవాళ నడుస్తోందని కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరుతో, ఆ చిరునామాలో ఒక ఫైలు తెరిచారని మాత్రమే.

నంబర్‌ను చూసి అది నిజమైనదో కాదో అంకెల లెక్కతో తేల్చే దారి కూడా లేదు. పూర్వం చివరి అంకెను మిగతా అంకెల నుంచి లెక్కగట్టేవారు, తప్పు నంబర్ వెంటనే దొరికిపోయేది. 2006 చివర్లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు వాళ్ల డేటాబేస్‌లో వెతికి, అక్కడ కనిపించే పేరు, చిరునామా మన దగ్గరున్న కాగితంతో కలుస్తున్నాయో చూసుకోవాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం, ఈ నంబర్ రహస్యం కాదు. పెద్ద సంస్థల డన్స్ నంబర్లు టెండర్ కాగితాల్లో, సప్లయర్ ఫారాల్లో కనిపిస్తూనే ఉంటాయి. పేరున్న సంస్థ నంబర్‌ను ఎవడైనా తన మెయిల్ కింద అతికించుకోవచ్చు. నంబర్ అసలుదే, పేరూ అసలుదే, బ్యాంకు ఖాతా, ఫోను మాత్రం వాడివి. ఇలాంటి మోసంలో నంబర్ చూసి నమ్మినవాడే ముందు దెబ్బతింటాడు, ఎందుకంటే వెతికితే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

ఏ ప్రశ్నకు ఏ నంబర్

బయ్యర్ గురించి మనం తెలుసుకోవాలనుకునేది నిజానికి ఒక్క ప్రశ్న కాదు. రేపు డబ్బు ఎగ్గొడితే చట్టపరంగా నాకు బాకీ ఎవరు? ఆ సంస్థ ఇవాళ బతికుందా? అది సప్లయర్లకు టైముకి కడుతుందా? నాతో మాట్లాడుతున్న మనిషి నిజంగా ఆ సంస్థ మనిషేనా? ఈ నాలుగింటికీ జవాబిచ్చే నంబర్ ఏదీ లేదు. కాబట్టి ప్రశ్నను బట్టి నంబర్‌ను ఎంచుకోవాలి.

బయ్యర్ మన దేశంలోనే ఉంటే, బరంపురంలోనో రాయపూర్‌లోనో, డన్స్ జోలికి వెళ్లనక్కరలేదు. జీఎస్టీ నంబర్ చాలా మెరుగు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే `Search Taxpayer` అనే చోట నంబర్ కొడితే చట్టపరమైన పేరు, వ్యాపార పేరు, రిజిస్టర్ అయిన తేదీ, `Active` ఉందా `Cancelled` అయిందా అన్నీ కనిపిస్తాయి. కిందనే రిటర్నులు ఎప్పుడెప్పుడు వేశారో చూపించే పట్టిక ఉంటుంది. మూడు నెలలుగా రిటర్ను వేయని పార్టీకి అరువు మీద సరుకివ్వడానికి నేనైతే ఒప్పుకోను. డబ్బుకి ఇబ్బంది పడుతున్న వ్యాపారి మొదట ఆపేది చాలాసార్లు పన్నే.

సరిహద్దులో ఉన్నవాళ్లకు జీఎస్టీ నంబర్ ఇంకో ఉపయోగం కూడా చేస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది అక్షరాలు పాన్. పాతపట్నంలో ఒక ఆఫీసు, పర్లాకిమిడిలో ఒక గోడౌను ఉన్న వ్యాపారికి రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి, రెండింటి మధ్యలో పాన్ మాత్రం ఒకటే ఉండాలి. "అదీ మాదే, ఇదీ మాదే" అన్న పార్టీ చూపించిన రెండు నంబర్లలో పాన్ వేరుగా ఉంటే, అవి రెండు వేర్వేరు సంస్థలని అక్కడికక్కడే తేలిపోతుంది. పాన్‌లో నాలుగో అక్షరం `P` అయితే అది వ్యక్తి, `F` అయితే భాగస్వామ్య సంస్థ, `C` అయితే కంపెనీ. అంటే బాకీ ఎవరి మీద ఉంటుందన్న మొదటి ప్రశ్నకు కూడా సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

విదేశీ బయ్యర్ అయితే జీఎస్టీ ఉండదు. అప్పుడు డన్స్‌తో పోల్చాల్సినది ఎల్‌ఈఐ. ఇది 20 అక్షరాల నంబర్. అంతర్జాతీయ ప్రమాణం కింద, చట్టపరంగా ఉనికి ఉన్న సంస్థకు ఒక్కటే ఇస్తారు. బ్రాంచ్ గోడౌనుకి ఒకటి, ఆఫీసుకి ఒకటి అన్న గందరగోళం చాలావరకు ఉండదు. గ్లీఫ్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. మనం చూడాల్సినవి రెండు. నమోదు `ISSUED` అని ఉందా `LAPSED` అని ఉందా అన్నది ఒకటి. ఏటా రెన్యువల్ చేయించాలి కాబట్టి `LAPSED` అంటే ఆ వివరాలను ఈ మధ్య ఎవరూ సరిచూడలేదని అర్థం, సంస్థ మూతపడిందని కాదు. రెండోది `FULLY_CORROBORATED` అని ఉందా, `ENTITY_SUPPLIED_ONLY` అని ఉందా అన్నది. మొదటి మాటకు అర్థం ఆ వివరాలను ప్రభుత్వ రిజిస్టర్ లాంటి దానితో పోల్చి చూశారని. రెండోదానికి అర్థం సంస్థ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారని. మాతృ సంస్థ ఎవరో కూడా చాలా నమోదుల్లో ఉంటుంది.

ఎల్‌ఈఐకి ఉన్న లోటు, చిన్న దిగుమతిదారులకు అది ఉండకపోవచ్చు. పెద్ద బ్యాంకు లావాదేవీలు, షేర్ల వ్యవహారాలు చేసేవాళ్లకు అది తప్పనిసరి, మిగతావాళ్లకు అవసరం రాదు. కాబట్టి ఎల్‌ఈఐ లేదని అనుమానపడకూడదు. మన దగ్గర కూడా అప్పుల విషయంలో రిజర్వ్ బ్యాంకు దాన్ని మొత్తం 5 కోట్లు, అంతకుమించి బ్యాంకు అప్పు ఉన్నవాళ్లకే తప్పనిసరి చేసింది, అదీ దశలవారీగా 2025 ఏప్రిల్ నాటికి.

టైముకి కడతాడా అన్న మూడో ప్రశ్నకు డన్స్ నంబర్ కూడా, ఎల్‌ఈఐ కూడా జవాబివ్వవు. ఆ జవాబు డన్స్ నంబర్ వెనకున్న ఫైలులో ఉండొచ్చు, దాన్ని డబ్బు కట్టి రిపోర్టుగా కొనాలి. అందులో పేడెక్స్ అని 1 నుంచి 100 వరకు ఒక స్కోరు ఉంటుంది. 80 అంటే గడువు రోజుకు కడుతున్నారని. 70 అంటే సగటున 15 రోజులు ఆలస్యం, 50 అంటే నెల ఆలస్యం. ఇది మంచి సమాచారమే. కానీ ఎవరి చెల్లింపులు లెక్కలోకి వస్తాయో గుర్తుపెట్టుకోవాలి. ఏ సప్లయర్లు తమ ఖాతాల వివరాలను ఆ కంపెనీకి పంపుతారో వాళ్ల లెక్కలే అందులో చేరతాయి. ఒక దిగుమతిదారు స్థానిక ట్రాన్స్‌పోర్ట్, ప్యాకింగ్ కంపెనీలకు టంచనుగా కడుతూ, ఏడు సముద్రాల అవతల ఉన్న ఎగుమతిదారును మాత్రం నెలల తరబడి తిప్పుకోవచ్చు. ఆ ఎగుమతిదారు గోడు ఈ స్కోరులో కనపడదు.

మన దేశంలో సిబిల్ లాంటివి వేరే జాతి. 2005 నాటి చట్టం కింద రిజర్వ్ బ్యాంకు అనుమతితో పనిచేసే క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. వీటి దగ్గర ఉండేది బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు కట్టిన బాకీల చరిత్ర. సిబిల్ చిన్న వ్యాపారాలకు సీఎంఆర్ అనే ర్యాంకు ఇస్తుంది, 1 మంచిది, 10 చెడ్డది. బ్యాంకు మేనేజర్ లోను ఇచ్చేముందు చూసేది దీన్ని. అందుకే "డన్స్ తీసుకుంటే లోను వస్తుంది" అన్న ఏజెంట్ మాటలో పస లేదు. మీ క్యాష్ క్రెడిట్ ఖాతా సరిగ్గా తిరుగుతోందా, వాయిదాలు తప్పాయా అన్నవి సిబిల్‌కు బ్యాంకులే పంపుతాయి. దానికి డన్స్‌తో సంబంధం లేదు.

ఒక కంటైనర్ లెక్క

ఇది వివరం కోసం నేను కట్టిన ఉదాహరణ, కానీ ఇందులోని ప్రతి అడుగూ వేయాల్సినదే.

న్యూజెర్సీ నుంచి ఒక బయ్యర్ డబ్ల్యూ 320 గ్రేడు పప్పు ఒక కంటైనర్ అడిగాడు. 20 అడుగుల కంటైనర్లో 22.68 కిలోల కార్టన్లు 700 పడతాయి, అంటే 15,876 కిలోలు. కిలో 700 రూపాయలు వేసుకున్నా కోటీ 11 లక్షలు దాటుతుంది. చెల్లింపు 60 రోజుల డీఏ మీద. అంటే బయ్యర్ బిల్లు మీద ఒప్పుకోలు సంతకం పెడితే బ్యాంకు కాగితాలు ఇచ్చేస్తుంది, సరుకు అతని చేతికి వెళ్లిపోతుంది, డబ్బు రెండు నెలల తర్వాత. మెయిల్లో డన్స్ నంబర్ ఇచ్చాడు, "1990ల నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాం" అన్నాడు.

మొదట డన్స్ నంబర్‌ను వాళ్ల వెబ్‌సైట్లో వెతికితే ఆ పేరుకు దగ్గరగా ఒక సంస్థ కనిపించింది, చిరునామా న్యూజెర్సీలోనే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ పర్చేజ్ ఆర్డర్ మీద ఉన్న పేరును అక్షరం అక్షరం పోల్చాలి. ఆర్డర్ మీద పేరు చివర `LLC` ఉంది, డన్స్ నమోదులో `Inc.` ఉంది. ఇది టైపింగ్ తేడా కాదు. ఈ రెండూ చట్టపరంగా రెండు వేర్వేరు సంస్థలు కావచ్చు.

రెండో అడుగు, న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ రిజిస్టర్లో రెండు పేర్లనూ వెతకడం. పాత సంస్థ 1990లలో పెట్టినదే, ఇప్పటికీ నడుస్తోంది. ఆర్డర్ ఇచ్చిన ఎల్‌ఎల్‌సీ మాత్రం ఎనిమిది నెలల క్రితం పుట్టింది. గ్లీఫ్‌లో రెండింటికీ ఎల్‌ఈఐ లేదు, అది ఆశ్చర్యం కాదు.

మూడో అడుగు ఫోను. మెయిల్ కింద ఉన్న నంబర్‌కు కాదు, పాత సంస్థ గురించి రిజిస్టర్లోనో రిపోర్టులోనో వేరుగా దొరికిన నంబర్‌కు చేయాలి. ఈ ఒక్క ఫోనుతోనే వేషధారి ఎవరో తేలిపోతుంది. ఈ ఉదాహరణలో అవతలివాళ్లు ఆర్డర్ ఇచ్చింది మేమే అన్నారు. ఆహార సరుకు దిగుమతికి కొత్తగా ఎల్‌ఎల్‌సీ పెట్టామని, మాతృ సంస్థ పాతదేనని చెప్పారు. అంటే మోసం లేదు. అయినా ప్రమాదం తొలగలేదు.

ఎందుకంటే మీకు బాకీ పడబోయేది 1990ల నాటి సంస్థ కాదు, ఎనిమిది నెలల ఎల్‌ఎల్‌సీ. మీరు డబ్బు కట్టి తెప్పించిన రిపోర్టులో పేడెక్స్ 78 ఉంటే అది పాత సంస్థది. ఆ మంచి పేరు కొత్త సంస్థకు వర్తించదు. సరుకు ధర పడిపోయి ఎల్‌ఎల్‌సీ చేతులెత్తేస్తే, దాని ఖాతాలో ఉన్నంత వరకే మీకు దక్కుతుంది. చూపించిన డన్స్ నంబర్ అసలుదే, దాని యజమాని నిజాయితీ గలవాడే, కానీ అది మీ బాకీదారు నంబర్ కాదు. ఈ తరహా నష్టం మోసాల కంటే ఎక్కువ కలవరపెడుతుంది నన్ను, ఎందుకంటే ఫిర్యాదు చేయడానికి కూడా ఎవరూ దొరకరు.

ఇక్కడ చేయాల్సింది బేరం. ఆర్డర్ పాత సంస్థ పేరు మీద తెచ్చుకోవడం, లేదా పాత సంస్థ చేత ఎల్‌ఎల్‌సీ బాకీకి గ్యారంటీ రాయించుకోవడం. రెండూ కుదరకపోతే ఎల్‌సీ అడగడం. ఎల్‌సీ అయితే డబ్బుకు బయ్యర్ బ్యాంకు పూచీ ఉంటుంది, మన కాగితాలు షరతులకు సరిపోతే చాలు. దీనికీ ఒప్పుకోకపోతే అరువు ఇవ్వొద్దు.

ఈసీజీసీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. షిప్‌మెంట్‌కు ముందే బయ్యర్ పేరు మీద క్రెడిట్ లిమిట్‌కు దరఖాస్తు చేయాలి. లిమిట్ తగ్గించినా, నిరాకరించినా అదే మీకు పెద్ద సమాచారం, ఎందుకంటే వాళ్లు తమ డబ్బు పణంగా పెట్టి నిర్ణయిస్తారు. అయితే లిమిట్ ఏ పేరు మీద తీసుకున్నారో బీమా ఆ పేరుకే. పాత సంస్థ పేరు మీద లిమిట్ తీసుకుని ఎల్‌ఎల్‌సీకి ఇన్‌వాయిస్ వేస్తే క్లెయిము అక్కడే నీరుగారుతుంది. సరుకు నాణ్యత మీద బయ్యర్ తగాదా పెట్టినా అది తేలేదాకా డబ్బు రాదు. కాబట్టి దరఖాస్తు ఫారం నింపేముందే పేరు తేల్చుకోవాలి.

డీఏ బదులు డీపీ పెట్టుకుంటే, అంటే డబ్బు కట్టాకే కాగితాలు ఇచ్చేలా చేసుకుంటే, సరుకు ఊరికే పోదు. కానీ బయ్యర్ తీసుకోనంటే కంటైనర్ అవతలి పోర్టులో ఆగిపోయి రోజూ అద్దె పడుతుంది.

మరి మనం తీసుకోవాలా?

అమెరికాకు పప్పు పంపే ఫ్యాక్టరీకి మాత్రం అవును. బ్యాంకు లోనుకో, పరువుకో కాదు, అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడుగుతుంది కాబట్టి. అమెరికాలో తినే ఆహారాన్ని తయారుచేసే, ప్యాక్ చేసే, నిల్వచేసే విదేశీ ఫ్యాక్టరీలు ఎఫ్‌డీఏ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్లో ఫ్యాక్టరీని గుర్తుపట్టే ఒక విశిష్ట నంబర్ ఇవ్వాలన్న నిబంధన 2020 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఎఫ్‌డీఏ గుర్తించే ఆ నంబర్ డన్సే. రిజిస్ట్రేషన్‌ను సరి సంఖ్య సంవత్సరాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ చివరిలోపు రెన్యూ చేయించాలి.

అమెరికాలో ఆహారం దిగుమతి చేసే సంస్థ కూడా దాదాపు ప్రతి ఎంట్రీలోనూ తన డన్స్ నంబర్ ఇవ్వాలి. కొద్ది మినహాయింపులు తప్ప ఇది అందరికీ ఉన్న షరతు. పైన చెప్పిన బయ్యర్ దగ్గర డన్స్ ఉండటానికి కారణం ఇదే కావచ్చు. అంటే అది అతని పరపతికి గుర్తు కాదు, కస్టమ్స్ ఫారంలో ఒక గడి నింపడానికి తీసుకున్నది. పేరున్న దిగుమతిదారు దగ్గరా ఉంటుంది, నిన్న మొదలుపెట్టినవాడి దగ్గరా ఉంటుంది.

ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు లేదు. డన్స్ నంబర్‌ను కూడా ఉచితంగా తీసుకోవచ్చు. త్వరగా ఇప్పిస్తామని, ప్రొఫైల్ పేజీ, ముద్ర ఇస్తామని చెప్పి అమ్మే ప్యాకేజీలు వేరు, వాటికి డబ్బు అవుతుంది, ఎఫ్‌డీఏకు వాటితో పనిలేదు. "ఎఫ్‌డీఏ సర్టిఫికెట్" అని గోడకు తగిలించుకునే కాగితం చూపించి డబ్బు అడిగితే గట్టిగా అడగండి, ఇది ఎవరు జారీ చేశారని. ఆహార ఫ్యాక్టరీల రిజిస్ట్రేషన్‌కు ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఇవ్వదు. రిజిస్టర్ అయిందంటే ఫ్యాక్టరీని తనిఖీ చేసి ఆమోదించినట్టు కాదని కూడా వాళ్లే చెబుతారు.

అమెరికా ప్రభుత్వ టెండర్లకు డన్స్ కావాలని ఇంకా చెబుతుంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పోయింది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వమే తన వెబ్‌సైట్ నుంచి యూఈఐ అనే 12 అక్షరాల నంబర్ ఉచితంగా ఇస్తుంది. మొబైల్ యాప్ పెట్టేవాళ్లకు మాత్రం యాపిల్, గూగుల్ రెండూ సంస్థ పేరు మీద ఖాతా తెరవడానికి డన్స్ అడుగుతాయి. మన జీడి వ్యాపారికి అది అవసరం లేదు.

అమెరికాకు సరుకు పంపనివాళ్లు, దేశంలోనే అమ్ముకునేవాళ్లు డన్స్ కోసం రూపాయి కూడా ఖర్చుపెట్టనక్కరలేదు. వాళ్లకు ఉపయోగపడేది ఉద్యం రిజిస్ట్రేషన్. అది ఉచితం, స్వీయ ప్రకటన మీద ఇచ్చేది, కాబట్టి బయటివాళ్లకు అది పెద్ద రుజువేమీ కాదు. కానీ పప్పు ఒలిచి గ్రేడు చేసే చిన్న యూనిట్‌గా నమోదైతే, కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదన్న చట్టం మీ పక్షాన ఉంటుంది. కొని అమ్మే ట్రేడర్‌గా నమోదైతే ఆ రక్షణ రాదు, అందుకని నమోదులో మీ పనిని ఉన్నది ఉన్నట్టు, తయారీ అని రాయించుకోండి.

చిరునామా, స్పెల్లింగ్

ఎఫ్‌డీఏ కోసం డన్స్ తీసుకునేవాళ్లకు మా వైపు ఎక్కువగా బిగుసుకునేది ఇక్కడే. డన్స్ చోటుకి ఒకటి అన్నాను కదా. ఎఫ్‌డీఏ అడిగేది ఫ్యాక్టరీ ఉన్న చోటు నంబర్. ఏజెంట్ విశాఖపట్నంలోని ఆఫీసు చిరునామాతో తీసుకుంటే నంబర్ వస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఎఫ్‌డీఏ ఆ నంబర్‌ను ఫ్యాక్టరీ పేరు, చిరునామాతో సరిచూసినప్పుడు కలవదు.

ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లకు దీనికి తోడు స్పెల్లింగ్ బాధ. రెవెన్యూ కాగితాలు ఒడియాలో ఉంటాయి. వాటి నుంచి ఇంగ్లీషులోకి రాసేటప్పుడు ఊరి పేరు ఒక చోట `Paralakhemundi`, ఇంకో చోట `Parlakhemundi`, పాత కాగితాల్లో `Parlakimidi` అని వస్తుంది. బరంపురం కూడా ఒక చోట `Berhampur`, ఒక చోట `Brahmapur`. యజమాని ఇంటిపేరు తెలుగు పలుకుబడితో ఒక తీరుగా, ఒడియా పలుకుబడితో ఇంకో తీరుగా పడుతుంది. మనిషి చూస్తే ఒకటే అని తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. ఒక్కోసారి ఒకే ఫ్యాక్టరీకి రెండు స్పెల్లింగులతో రెండు డన్స్ నంబర్లు పుట్టేస్తాయి.

నేను పాటించే పద్ధతి ఇది. జీఎస్టీ సర్టిఫికెట్ మీద ఫ్యాక్టరీ పేరు, చిరునామా ఎలా ఉన్నాయో అవే అసలు అనుకుంటాను. అవి తప్పుగా ఉంటే ముందు జీఎస్టీలోనే సవరణ వేసి, అది అయ్యాక దాని ప్రకారం ఐఈసీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ సరిచేయిస్తాను. డన్స్‌కు దరఖాస్తు చేసేముందు వాళ్ల వెబ్‌సైట్లో ఊరి పేరు మూడు స్పెల్లింగులతోనూ వెతుకుతాను, పాత నంబర్ ఏదైనా ఇప్పటికే ఉందేమోనని. ఎప్పుడో ఎవరో బయ్యర్ రిపోర్టు అడిగినందువల్ల మనకు తెలియకుండానే ఫైలు తెరిచి ఉండొచ్చు. ఉంటే కొత్తది అడగను, ఆ పాతదాన్నే సరిచేయమని కాగితాలు జతచేసి పంపుతాను. లేకపోతేనే కొత్త దరఖాస్తు, జీఎస్టీలో ఉన్న అక్షరాలతోనే. ఎఫ్‌డీఏ ఫారంలో కూడా అవే అక్షరాలు. ఈ పనంతా రెన్యువల్ సంవత్సరంలో ఆగస్టులోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే సవరణ కుదరడానికి వారాలు పట్టొచ్చు, డిసెంబర్ చివరి వారంలో మాత్రం ఎవరూ ఫోనెత్తరు.